ఇంట్లో గంటన్నర, క్రెష్‌లో అరగంట

సాయంత్రం పాపని చేతికిస్తూ ఆయమ్మ చెప్పే మాట మారదు. "ఇవాళ కూడా సరిగ్గా పడుకోలేదు మేడమ్. అరగంటకే లేచి కూచుంది." ఇంట్లోనేమో అదే పాప ఉయ్యాల్లో వేస్తే గంటన్నర ఒళ్లు తెలీకుండా నిద్రపోతుంది. దాంతో తల్లికి క్రెష్ మీద అనుమానం, సరిగ్గా చూసుకోవట్లేదేమోనని. ఆయమ్మకి ఇంటి మీద అనుమానం, ఎత్తుకుని ఎత్తుకుని అలవాటు చెడగొట్టారని. చాలాసార్లు ఈ రెండు అనుమానాలూ నిజం కావు. ఇంట్లో హాయిగా పడుకునే బిడ్డకి నిద్రపోవడం వచ్చు. రానిదల్లా ఆ చోట, ఆ వేళకి, ఆ మనుషుల మధ్య నిద్రపోవడం.

వయసు కూడా ఇందులో కలిసొస్తుంది. 2017 చట్ట సవరణతో మన దేశంలో ప్రసూతి సెలవు 26 వారాలు అయింది. ఆ సెలవు అయిపోయాక, అమ్మమ్మో నానమ్మో ఒకట్రెండు నెలలు వచ్చి ఉండి వెళ్లాక, బిడ్డ క్రెష్‌లో అడుగుపెట్టేది ఏడు నుంచి తొమ్మిది నెలల మధ్య. కొత్త ముఖం చూస్తే బెదరడం, అమ్మ గడప దాటితే ఏడుపందుకోవడం సరిగ్గా అప్పుడే మొదలవుతాయి. నిద్రపోవాలంటే ముందు భయం తగ్గాలి కదా. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన మేగన్ గన్నర్ బృందం 2003లో పిల్లల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనుని కొలిచింది. ఇంట్లో ఉన్నరోజు పొద్దుటి కంటే మధ్యాహ్నానికి అది తగ్గుతూ ఉంటే, డే కేర్‌లో ఉన్నరోజు చాలామందిలో పెరుగుతూ కనిపించింది. అది జబ్బేం కాదు. అయితే ఒంట్లో ఆ హార్మోను పెరుగుతున్న వేళ కన్ను మూతపడటం కష్టమే.

ఏం చేయాలో ఆలోచించే ముందు ఒక వారం రోజులు ఆయమ్మ చేత మూడు సంగతులు రాయించండి: పడుకోబెట్టిన టైము, కన్ను మూతపడిన టైము, లేచిన టైము. "సరిగ్గా పడుకోలేదు" అన్న మాట వెనక రెండు వేర్వేరు ఇబ్బందులు ఉండొచ్చు. పడుకోబెట్టాక ఎంతసేపటికీ నిద్ర రాకపోతే చాలావరకు అది వేళ తప్పడం. నిద్రలోకి జారుకుని 30 నుంచి 45 నిమిషాల మధ్య లేస్తుంటే, అది నిద్ర చక్రం తెగిపోవడం. పసిపిల్లల నిద్ర ఒకే ప్రవాహంలా సాగదు. ముప్పావుగంటకో, కాస్త అటూ ఇటూగానో ఒక చక్రం ముగుస్తుంది, బిడ్డ సగం మేలుకుంటుంది. ఇంట్లో అప్పుడు ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది, అదే ఫ్యాను చప్పుడు, అదే చీర వాసన. నిద్రపోయేటప్పుడు ఏమున్నాయో ఇప్పుడూ అవే ఉన్నాయి కాబట్టి మళ్లీ నిద్రలోకి జారిపోతుంది. క్రెష్‌లో మాత్రం నిద్రపోయింది ఆయమ్మ భుజం మీద, కన్ను తెరిచింది చాప మీద, పక్కన ఇంకో బాబు ఏడుస్తున్నాడు. ఇక మళ్లీ ఎందుకు పడుకుంటుంది?

ఒక పాప రోజుని దగ్గర నుంచి చూద్దాం. తొమ్మిది నెలల పిల్ల, ఇల్లు మియాపూర్, అమ్మ ఆఫీసు మాదాపూర్ అనుకోండి. ఇంట్లో ఉన్నరోజు ఆరున్నరకి లేస్తుంది. తొమ్మింబావుకి చీర ఉయ్యాల్లో వేస్తే పదిన్నర దాకా పడుకుంటుంది. మళ్లీ మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి రెండున్నర దాకా. రాత్రి ఎనిమిదికల్లా నిద్ర.

క్రెష్ రోజున అమ్మ దింపే టైము తొమ్మిదీ పది. పాపకి నిద్ర ముంచుకొచ్చే వేళా, అమ్మ వెళ్లిపోయే వేళా ఒకటే అయ్యాయి. ఏడుపు, ఆయమ్మ ఎత్తుకుని బొమ్మలు చూపించడం, ఈలోగా ఇంకో ముగ్గురు పిల్లలు రావడం, వచ్చిన నిద్ర కాస్తా పోయింది. పదకొండింటికి కళ్లు నలుపుకుంటుంటే పడుకోబెట్టారు. అప్పటికి లేచి నాలుగున్నర గంటలైంది. ఈ వయసు పిల్లలు సాధారణంగా రెండున్నర, మూడు గంటల కంటే మెలకువగా ఉండలేరు. మరీ అలిసిపోయిన బిడ్డ గాఢంగా పడుకుంటుందని మనం అనుకుంటాం కానీ, పసివాళ్లలో జరిగేది తరచు దానికి తిరగబడి ఉంటుంది. ఏడ్చి ఏడ్చి పడుకుని పదకొండూ ముప్పైఅయిదుకి లేచింది. ఒంటిగంటకి క్రెష్‌లో లైట్లన్నీ ఆర్పేసి అందర్నీ పడుకోబెట్టారు. పాప లేచి గంటన్నర కూడా కాలేదు, నిద్రెక్కడిది? దొర్లింది, లేచి కూచుంది, పక్కవాణ్ణి లేపుతుందని ఆయమ్మ బయటికి ఎత్తుకొచ్చింది. మూడింటికి నిజంగా నిద్రొచ్చేసరికి లైట్లు వెలిగాయి, పాటలు పెట్టారు. చివరికి ఆరుంబావుకి కార్లో పడి ఏడింటి దాకా నిద్రపోయింది, రాత్రి పదయినా పడుకోలేదు.

ఇక్కడ సవరించాల్సింది ఒంటిగంట నిద్రని అనిపిస్తుంది. ఆ టైము మార్చమని క్రెష్‌వాళ్లని అడిగితే, ఇరవైమంది పిల్లలున్నచోట కుదరదంటారు, అందులో న్యాయం ఉంది. అసలు సరిచేయాల్సింది పొద్దుటి నిద్రని. అమ్మ ఓ అరగంట ముందు, అంటే ఎనిమిదీ నలభైకి దింపగలిగితే ఏడుపు తగ్గి పాప కుదురుకోడానికి వ్యవధి దొరుకుతుంది. ముందు రావడం కుదరకపోతే, వచ్చిన వెంటనే బొమ్మల గదిలోకి కాకుండా ఆయమ్మ ఒళ్లో నిశ్శబ్దంగా ఉన్న గదిలో కూచోబెట్టాలి. ఎలాగైనా తొమ్మిదిన్నర, తొమ్మిదీ నలభైకల్లా తొట్టిలో ఉండాలి. అరగంట, నలభై నిమిషాలే పడుకుని పదీ ఇరవైకి లేచినా సరే. అక్కణ్ణుంచి ఒంటిగంటకి రెండుగంటల నలభై నిమిషాలు. అంటే క్రెష్‌వాళ్లు లైట్లు ఆర్పేవేళకి పాపకి నిజంగానే నిద్రొస్తుంది. వాళ్ల టైము టేబుల్‌ని ముట్టుకోకుండానే రెండో నిద్ర దారికొచ్చింది.

ఇక మధ్యలో తెగిపోయే నిద్ర సంగతి. చీర ఉయ్యాలని క్రెష్‌కి మోసుకెళ్లలేం, ఒక ఆయమ్మ అంతమందిని ఉయ్యాల ఊపుతూ కూచోలేదు. ఊపడం, ఒళ్లో పాలు తాగుతూ నిద్రపోవడం ఇంట్లోనే ఉండిపోతాయి. వెంట తీసుకెళ్లగలిగినవి జోకొట్టడం, ఒక కూనిరాగం, పడుకోబెట్టేముందు రోజూ అనే ఒక మాట. వీటిని ఇంట్లో ముందు అలవాటు చేయాలి. నాలుగైదు రోజులు ఉయ్యాల్లోనే ఊపుతూ జోకొట్టండి, ఆ రాగమే తీయండి. తర్వాత శనాదివారాల్లో పొద్దుటి నిద్రని మాత్రం చదునైన పక్క మీద, ఊపకుండా, జోకొట్టి పడుకోబెట్టి చూడండి. మధ్యాహ్నం ఉయ్యాల్లోనే వేయండి, ఇల్లు క్రెష్‌లా మారిపోనక్కర్లేదు. ఆ జోకొట్టే తీరుని ఆయమ్మకి నోటితో చెప్పడం కంటే ఒకరోజు కూచుని చూపించడం మేలు: ఎక్కడ చెయ్యి వేయాలి, ఎంత నెమ్మదిగా, కళ్లు బరువెక్కాక ఎప్పుడు ఆపాలి. ఆయమ్మలు రోజుకొకరు మారుతుంటే ఇదంతా వృథా. పడుకోబెట్టే చెయ్యి ఒకటే ఉండేలా చూడమని అడగడం, ఖరీదైన పరుపు కొనిమ్మనడం కంటే ఎక్కువ పనికొస్తుంది. నిద్రపోయాక ముప్పైయ్యో నిమిషానికి ఆయమ్మ పక్కన కూచుని, కదలగానే చెయ్యి వేస్తే కొందరు పిల్లలు రెండో చక్రంలోకి జారిపోతారు. అందరూ జారరు.

తొట్టి ఎక్కడుందో కూడా ఒకసారి చూసి రండి. ఫ్యాను, ఏసీ ఒకేలా చేసే చప్పుడుకి పిల్లలు లేవరు. ఉలిక్కిపడి లేచేది తలుపు చప్పుడికి, మిక్సీకి, కాలింగ్ బెల్‌కి. తలుపు పక్క నుంచి గోడవార మూలకి జరపడం పైసా ఖర్చులేని పని. గది మరీ చీకటి చేయమని మాత్రం అడగొద్దు, ఆయమ్మకి బిడ్డ ముఖం కనపడుతూ ఉండాలి. అమ్మ వాసన కోసం పాత చీర పక్కన పెట్టమని పెద్దవాళ్లు చెబుతారు. ఏడాది నిండని బిడ్డ పక్కలో విడి గుడ్డ, దిండు, దుప్పటి, బొమ్మ ఏదీ ఉండకూడదు. దానికి బదులు తొట్టి పరుపుకి సరిపోయే ఎలాస్టిక్ అంచు దుప్పటిని రెండు రాత్రులు మీ పక్కన ఉంచుకుని పంపండి.

పడుకోబెట్టేది ఎప్పుడూ వెల్లకిలానే. ఇంట్లో వెల్లకిలా పడుకునే బిడ్డని, ఏడుపు ఆగట్లేదని క్రెష్‌లో బోర్లా వేస్తే నిద్రలో హఠాత్తుగా ఊపిరాగే ప్రమాదం, మామూలుగా బోర్లా అలవాటున్న పిల్లల కంటే కూడా ఎక్కువ. చేర్పించే రోజే ఆయమ్మని ఈ ప్రశ్న సూటిగా అడగండి. అలాగే నిద్ర కోసం జలుబు మందో, దగ్గు సిరపో వేయడం ఎవరు చేసినా తప్పే, ఇంట్లోవాళ్లయినా సరే. క్రెష్‌లో ఉన్నట్టుండి మూడేసి గంటలు పడుకోవడం మొదలుపెట్టి, ఇంటికొచ్చాక కూడా మత్తుగా, పిలిస్తే పలకనట్టు ఉంటే సంతోషించకుండా డాక్టరుకి చూపించాలి.

పాల లెక్క కూడా అడగండి. కొందరు పిల్లలు సీసా పాలు నాలుగు గుక్కలు తాగి వదిలేసి, రాత్రంతా అమ్మ దగ్గర తాగి ఆ లోటు తీర్చుకుంటారు. ఆకలితో ఉన్న బిడ్డ క్రెష్‌లో ఎక్కువసేపు పడుకోదు. ఆఫీసులోనే క్రెష్ ఉంటే తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి రావచ్చని చట్టం చెబుతోంది. అందులో ఒకటి నిద్రవేళకి ఇరవై నిమిషాల ముందు పాలివ్వడానికి వాడుకోండి. నిద్రలో ఉండగా తొంగిచూడ్డానికి వెళితే లేచి కూచుంటుంది, మీరు వెళ్లిపోయాక ఆయమ్మ పడే పాట్లు మీకు తెలియవు.

ఇన్ని చేసినా క్రెష్ నిద్ర ఇంటి నిద్రకి సమానం కాకపోవచ్చు. నాలుగు నుంచి పన్నెండు నెలల పిల్లలకి పగలూ రాత్రీ కలిపి 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. ఆ మొత్తం సరిపోతే పగలు అరగంట తగ్గినా కంగారు లేదు. పగలు తక్కువ పడుకున్నరోజు రాత్రి నిద్రని ఓ అరగంట, ముప్పావుగంట ముందుకి తీసుకురండి. ఎనిమిదికి బదులు ఏడుంబావుకి. సాయంత్రం కార్లో కునుకు తప్పకపోతే ఇల్లు చేరగానే లేపేయండి, పది పదిహేను నిమిషాలు దాటనివ్వకండి. ఒకటే చిక్కు, ట్రాఫిక్‌లో ఇల్లు చేరేసరికి ఏడున్నరయితే స్నానం, అన్నం, ఆట అన్నీ అయ్యేది ఎప్పుడు? అలాంటి రోజుల్లో స్నానం మానేయొచ్చు.

కొత్తగా చేరిన బిడ్డకి రెండు నుంచి నాలుగు వారాలు పట్టడం మామూలే. జ్వరమో, పండగ సెలవులో వచ్చి వారం మానేస్తే మళ్లీ కొంచెం వెనక్కి వెళుతుంది. ఇంట్లో నిద్ర కూడా చెడిపోతే, పడుకోబెట్టగానే చెవి పట్టుకుని ఏడుస్తుంటే, గురక పెడుతుంటే, బరువు పెరగడం ఆగితే అది క్రెష్ సంగతి కాదు, పిల్లల డాక్టరు చూడాల్సిన సంగతి.

13 నుంచి 18 నెలల మధ్య చాలామంది పిల్లలు పొద్దుటి కునుకు మానేసి మధ్యాహ్నం ఒక్కసారే పడుకోవడానికి మారతారు. అప్పుడు క్రెష్‌లో ఒంటిగంటకి లైట్లు ఆర్పడం వాళ్ల ఒంటికి దానంతటదే సరిపోతుంది. పదినెలల బిడ్డని ముందే ఆ పద్ధతిలో పెట్టేస్తామని క్రెష్‌వాళ్లు అడిగితే ఒప్పుకోకండి. పొద్దున తొట్టిలో వేస్తే పావుగంట, ఇరవై నిమిషాలు ఆడుతూ ఉండి, నిద్రపోకుండానే మధ్యాహ్నం దాకా హుషారుగా గడపడం రెండు వారాల పాటు వరసగా కనపడితే, అప్పుడు సరేననండి.