తాళంచెవి తిరగని కల

జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఒక చిన్న శాఖ. మధ్యాహ్నం, కస్టమర్లు లేని వేళ. మేనేజరు గారు రికవరీకి ఊళ్లోకి వెళ్లారు, ఆఫీసరు భోజనానికి వెళ్లారు. హెల్మెట్లు తీయకుండా లోపలికి వచ్చిన ఇద్దరు క్యాషియర్ మెడ మీద కత్తి పెట్టి స్ట్రాంగ్ రూమ్ తెరవమన్నారు. అది జాయింట్ కస్టడీ అనీ, ఒక తాళంచెవి మాత్రమే తన దగ్గర ఉంటుందనీ ఆయన ఎంత చెప్పినా వాళ్లు నమ్మలేదు. ఐదు నిమిషాల తర్వాత కౌంటర్‌లో ఉన్న నగదు తీసుకుని పోయారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. 'దేవుడి దయ, ఏమీ కాలేదు' అన్నారందరూ. ఆయనా అదే అన్నారు. మూడో రోజే డ్యూటీకి వచ్చారు.

కల ఆ వారంలోనే మొదలైంది. స్ట్రాంగ్ రూమ్ తలుపు ముందు నిలబడి ఉంటారు. తాళంచెవి తిరగదు. వెనకాల ఎవరిదో ఊపిరి వినిపిస్తుంటుంది. ఆఫీసరు కోసం కేకవేయబోతే గొంతు పెగలదు. చెమటలు పట్టి లేచేసరికి తెల్లవారుజామున మూడు. వారానికి నాలుగైదు రాత్రులు ఇదే కల.

నేను ఎం.ఎస్సీ. సైకాలజీ చదివి, నాలుగేళ్లు క్లినిక్‌లో పనిచేశాక బ్యాంకు పరీక్ష రాసినవాణ్ణి. నోట్లు లెక్కపెట్టడంలో ఆ చదువు అక్కరకు రాలేదు కానీ, ఇలాంటి సమయంలో వచ్చింది. ఆ సహోద్యోగి అనుమతితోనే, ఆయన్ను గుర్తుపట్టే వివరాలు మార్చి ఇది రాస్తున్నాను.

ఇంట్లో పెద్దాయన, మావయ్య వరసవారు, కల విని ఫలం చెప్పారు. తాళం తెరుచుకోకపోవడం స్థానభ్రంశానికి సూచన, ఇంటికి మరో గండం ఉందన్నారు. జపం చేయించారు, దానం ఇచ్చారు. ఆ వారమే కల మళ్లీ వచ్చింది. పూజతో మనసుకు ఊరట దొరికితే నేను కాదనను. ఇక్కడ జరిగింది వేరు. అప్పటిదాకా ఆయనకు ఉన్నది జరిగిపోయిన దాని భయం. ఇప్పుడు జరగబోయేదాని భయం కూడా తోడైంది. కూతురు స్కూటీ మీద కాలేజీకి వెళ్లడం మాన్పించారు. కల వచ్చిన ప్రతి రాత్రీ గండం దగ్గరపడిందని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టారు.

మావయ్య గారికి నేను చెప్పింది ఆధునిక శాస్త్రం కాదు, చరకసంహిత. అందులో ఇంద్రియస్థానంలో కలలు ఏడు రకాలని ఉంది. చూసినవి, విన్నవి, అనుభవించినవి, కోరుకున్నవి, ఊహించుకున్నవి మొదటి ఐదు. రాబోయేదాన్ని సూచించేవి, దోషాల వల్ల వచ్చేవి మిగిలిన రెండు. మొదటి ఐదింటికీ ఫలం లేదని వైద్యుడు గ్రహించాలని అక్కడే చెప్పారు. కత్తి మెడ మీద పెట్టించుకున్న మనిషికి ఆ తలుపే కలలోకి వస్తే అది అనుభవించినదే. దాన్ని విప్పి చెప్పడానికి అందులో సంకేతమేమీ లేదు. పెద్దాయన కాసేపు ఆలోచించి, "అయితే దీనికి వైద్యుడే కావాలంటావు" అన్నారు.

అదే కల మళ్లీ మళ్లీ ఎందుకు వస్తుంది? ప్రాణభయం కలిగిన క్షణాలను మెదడు మామూలు జ్ఞాపకాల్లా దాచదు, ప్రమాదం ఇంకా ఉన్నట్టే పట్టి ఉంచుతుంది. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర దశ రాత్రి రెండో సగంలో పొడవుగా ఉంటుంది. మామూలుగా ఆ దశలో పాత, కొత్త జ్ఞాపకాలు కలగలిసి వాటి పదును తగ్గుతుందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. పీడకల మాత్రం భయం పతాకస్థాయికి చేరగానే మనల్ని లేపేస్తుంది. కథ ఎప్పుడూ అక్కడే తెగిపోతుంది. పగలు ఆ జ్ఞాపకాన్ని దగ్గరకు రానివ్వకుండా తోసేస్తే, అది మెత్తబడే అవకాశం మరింత తగ్గుతుంది.

మొదటి రెండు, మూడు వారాలు ఇలాంటి కలలు రావడం జబ్బు కాదు. ఎక్కువమందిలో వాటంతట అవే పలచబడతాయి. ఆ రోజుల్లో కావలసింది మామూలు దినచర్య, పక్కన ఒక మనిషి, వివరాలు గుచ్చి గుచ్చి అడగని ఇల్లు. అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా ఒకేసారి చెప్పించడం వల్ల మేలు లేదని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చేయదు. పోలీసులకు, బ్యాంకుకు ఇవ్వాల్సిన వాంగ్మూలం వేరే విషయం. అది అయ్యాక, వచ్చిన ప్రతి ఒక్కరికీ సీసీ టీవీ ఫుటేజీ వేసి చూపించే మన అలవాటు మాత్రం మానుకోవాలి.

నెల దాటినా కల పలచబడకపోతే, వారానికి ఒకటి రెండుసార్లైనా నిద్ర చెడగొడుతుంటే, ఇక ఎదురుచూడకూడదు. కలకన్నా పగటిని గమనించడం మంచిది. మా సహోద్యోగి అయిదో వారానికి క్యాష్ కౌంటర్ అంటే సెలవు పెడుతున్నారు. హెల్మెట్ పెట్టుకున్న కస్టమర్ కనబడితే చేతులు వణికేవి. రాత్రి గడియ నాలుగుసార్లు చూసుకునేవారు. నిద్రపోతే కల వస్తుందని ఒంటిగంట దాకా టీవీ ముందు కూర్చునేవారు. తర్వాత రెండు పెగ్గులు. మందు త్వరగా నిద్ర పట్టిస్తుంది కానీ, దాని ప్రభావం దిగే తెల్లవారుజామున కలలు ఇంకా ఉధృతమవుతాయి. ఆయనకు జరిగిందీ అదే. బతకడం ఎందుకనే మాట ఎవరి నోటైనా వస్తే నెల లెక్క చూడకుండా ఆ రోజే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

మేనేజరు గారు స్వయంగా వెంట వెళ్లి ఆయన్ను మానసిక వైద్యుడికి చూపించారు. డాక్టరు ముందు వాడుతున్న మందుల చీటీ అడిగారు. బీపీకి ఇచ్చే బీటా బ్లాకర్లలో కొన్ని పీడకలలు తెప్పిస్తాయి. గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉన్నాయేమో భార్యను అడిగారు. ఇవేవీ లేవని తేలాక నిద్రమాత్రలు రాయకుండా క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు.

అక్కడ నేర్పిన పద్ధతి పేరు ఇమేజరీ రిహార్సల్ థెరపీ. కలను కాగితం మీద రాయాలి, తర్వాత మనకు నచ్చినట్టు మార్చి రాయాలి, మార్చిన కలను రోజూ పది, పదిహేను నిమిషాలు మెలకువలోనే కళ్లు మూసుకుని ఊహించుకోవాలి. మరీ తీవ్రమైన కలతో మొదలుపెట్టనివ్వరు. ఆయన ముందు బస్సు తప్పిపోయే ఒక చిన్న కలతో సాధన చేశారు. మూడో వారంలో స్ట్రాంగ్ రూమ్ కలకు వచ్చారు. ఆయన మార్చింది చిన్న విషయమే: ఆఫీసరు రెండో తాళంచెవితో వచ్చి పక్కన నిలబడతారు, ఇద్దరూ కలిసి తలుపు తెరుస్తారు, లోపల సాయంత్రం క్యాష్ టాలీ చేస్తారు. దొంగలను చితకబాదే కథ రాస్తారనుకున్నాను నేను.

రెండు నెలలకు కల వారానికి నాలుగైదు నుంచి పదిహేను రోజులకు ఒకటికి తగ్గింది. కౌంటర్ అంటే భయం దానితో పోలేదు. అందుకు ట్రామాపై దృష్టిపెట్టే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ విడిగా మరికొన్ని వారాలు తీసుకున్నారు. ఈ పద్ధతి అందరికీ ఒకేలా పనిచేయదు. కొందరికి మందులు కూడా అవసరమవుతాయి.

ఎవరిని అడగాలో తెలియనప్పుడు టెలి మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. సర్వీసు రికార్డుకెక్కుతుందేమోనని సందేహించేవారికి ఒక మాట: 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాల గోప్యతను రోగి హక్కుగా చేసింది.

మా సహోద్యోగి ఇప్పుడు వేరే శాఖలో ఉన్నారు. క్యాష్ తానే అడిగి తీసుకున్నారు. ఏడాది తిరిగిన వారంలో ఆ కల రెండుసార్లు వచ్చిందట. నోటుబుక్కు బయటికి తీసి పది రోజులు మళ్లీ అభ్యాసం చేశానని ఫోనులో చెప్పారు.