పెచ్చులూడిన కాంక్రీటు స్తంభాల మరమ్మతు

కాంక్రీటు స్తంభం (పిల్లరు) లోపలి ఇనుప కడ్డీలు తుప్పు పట్టి ఉబ్బడం వలన పైపొర పగిలి రాలిపోవడాన్ని పెచ్చులూడడం అంటారు. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె రెండు నుండి ఆరు రెట్లు ఎక్కువ చోటును ఆక్రమిస్తుంది. అందువలన ఊడినచోట సిమెంటు పూసినంత మాత్రాన లోపలి తుప్పు ఆగదు. ఆ పూత కూడా కొంతకాలానికి రాలిపోతుంది. మరమ్మతు నిర్దేశికలో ప్రధానాంశం ఎంత లోతు వరకు పగులగొట్టాలి అన్నదే. మిగిలిన నిర్ణయాలు దానిని అనుసరించి ఉంటాయి.

ఉదాహరణ

సముద్రతీర పట్టణంలో ఒక భవనపు క్రింది అంతస్తులో 300 × 450 మి.మీ. స్తంభం ఉన్నదనుకొందాం. దాని 450 మి.మీ. వెడల్పు గల ముఖం పెచ్చులూడింది. రింగుల మీద 25 మి.మీ. కవరు, 8 మి.మీ. రింగులు, 16 మి.మీ. నిలువు కడ్డీలు ఉన్నాయి.

పగులగొట్టడం

మొదట సుత్తితో తట్టి, గుల్ల శబ్దం వచ్చే మేర గీత గీయాలి. తాజాగా విరిగిన కాంక్రీటుపై ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే, క్షారగుణం నిలిచి ఉన్నచోట గులాబి రంగు వస్తుంది. రంగు రాని భాగంలో కాంక్రీటు ఇనుమును కాపాడే గుణం కోల్పోయినట్లే. అయితే ఉప్పు (క్లోరైడు) చేరినదీ లేనిదీ ఈ పరీక్ష వలన తెలియదు. దానికి కాంక్రీటు పొడిని ప్రయోగశాలకు పంపాలి.

కడ్డీ వెనుక సుమారు 25 మి.మీ. ఖాళీ వచ్చేవరకు చెక్కాలి. ముందువైపు మాత్రమే చెక్కితే వెనుక తుప్పు అలాగే మిగులుతుంది. మన ఉదాహరణలో లోతు 25 + 8 + 16 + 25 = 74 మి.మీ. అనగా 300 మి.మీ. మందంలో దాదాపు నాలుగో వంతు పోతుంది. ఎదురు ముఖాన్ని కూడా ఒకేసారి చెక్కితే సగం పోతుంది. అందువలన ఇంజనీరు లెక్క ప్రకారం దూలాలకు జాకీలు పెట్టి, ఒక ముఖం పూర్తయి గట్టిపడిన తరువాతనే రెండవది మొదలుపెట్టాలి. భారం దించకుండా అతికిన కొత్త పదార్థం పాత బరువును మోయదని గుర్తించాలి. తరువాత వచ్చే బరువులో మాత్రమే పాలుపంచుకుంటుంది.

అంచులను యంత్రపు రంపంతో సుమారు 10 మి.మీ. లోతున నిలువుగా కోయాలి. పలుచగా జారిన అంచు త్వరగా లేచిపోతుంది. ఈ కోతలో రింగులు తెగకూడదు.

కడ్డీల శుభ్రత

కడ్డీ చుట్టూ తుప్పును ఇసుక బ్లాస్టింగుతో తొలగించడం మేలు. వైర్ బ్రష్షు గుంటల లోపలికి చేరదు. ఉప్పు ఉన్నచోట మంచినీటితో ఒత్తిడిగా కడగాలి. ఆ తరువాత వ్యాసం కొలవాలి. 16 మి.మీ. కడ్డీ 13.5 మి.మీ.కు తగ్గితే వైశాల్యం 201 నుండి 143 చ.మి.మీ.కు, అనగా 29 శాతం తగ్గినట్లు. నష్టం నాలుగో వంతు దాటితే సాధారణంగా ప్రక్కన అదనపు కడ్డీ వేస్తారు. దానికి ఇరువైపులా మంచి కడ్డీతో తగినంత ల్యాపు ఉండాలి. శుభ్రమైన ఇనుముపై జింకు ఎపాక్సీ ప్రైమరు పూస్తారు.

అతుకు పూత

పాలిమర్ కలిపిన సిమెంటు స్లర్రీ (ఎస్.బి.ఆర్. రకం) పూస్తే, అది తడిగా ఉండగానే మోర్టారు పడాలి. ఆరిపోయిన పూత అతికించకపోగా రెండు పొరలనూ వేరుచేస్తుంది. చేతితో మోర్టారు పూసేచోట ఇది తగును. 74 మి.మీ. లోతుకు సెంట్రింగు కట్టాలి కనుక అంతలో స్లర్రీ ఆరిపోతుంది. అక్కడ ఎక్కువసేపు ఆరని ఎపాక్సీ పూతను వాడాలి. లేదా పాత కాంక్రీటును నీటితో నానబెట్టి, ఉపరితలంపై నీరు నిలువకుండా చూసి, పూత లేకుండానే పోయాలి.

మరమ్మతు పదార్థం ఎంపిక

పలుచని పూతకు పాలిమర్ మోర్టారు, ఇంత లోతుకు సెంట్రింగులో పోసే మైక్రో కాంక్రీటు తగినవి. యూరోపియన్ ప్రమాణం ఈ.ఎన్. 1504-3 ప్రకారం నిర్మాణ భాగాలకు ఆర్3 (కనీసం 25 మెగాపాస్కల్), ఆర్4 (కనీసం 45) తరగతులు ఉన్నాయి. బలం ఒక్కటే చూడరాదు. కుంచించుకుపోవడం తక్కువగా, సాగుగుణం పాత కాంక్రీటుకు దగ్గరగా ఉండాలి. ఎపాక్సీ మోర్టారు బలమైనదైనా వేడికి కాంక్రీటు కంటె అనేక రెట్లు వ్యాకోచిస్తుంది, అగ్నిప్రమాదంలో మెత్తబడుతుంది.

గాలి చిక్కకుండా ఒక ప్రక్కనుండే పోసి, సెంట్రింగు తీసిన తరువాత కనీసం ఏడు రోజులు తడుపాలి. తరువాత తట్టినప్పుడు గుల్ల శబ్దం వస్తే అతుకు కుదరనట్లే.

పరిమితి

చుట్టూ మిగిలిన కాంక్రీటులో ఉప్పు ఎక్కువగా ఉంటే, మరమ్మతు చేసిన భాగం చెక్కుచెదరకపోయినా దాని అంచు ప్రక్కనే కొత్త తుప్పు మొదలవుతుంది. అట్టిచోట అతుకు అంచులలో కడ్డీలకు జింకు ఆనోడులు కడతారు. జింకు ముందుగా క్షయమై ఇనుమును కాపాడుతుంది.