పద్నాలుగు మందులు, ఐదు వరసలు

యూరిన్ కల్చర్ రిపోర్టు చేతికి రాగానే చాలామంది చూపు కుడివైపు అంకెల మీదికి పోతుంది. ఒక మందు ఎదురుగా 1, ఇంకో మందు ఎదురుగా 32. తక్కువ అంకె ఉన్న మందే బాగా పనిచేస్తుందనుకుంటారు. రోగి బంధువులే కాదు, కొత్తగా డ్యూటీలో చేరిన హౌస్ సర్జన్లూ ఒక్కోసారి అలాగే పొరబడతారు. నిజానికి ఆ రిపోర్టులోనే 1 ఉన్న సిప్రోఫ్లాక్సాసిన్ దండగ మందు, 32 ఉన్న నైట్రోఫ్యురాంటోయిన్ పనికొచ్చే మందు కావచ్చు.

ఆ అంకె పేరు ఎంఐసీ. ల్యాబ్‌లో బాక్టీరియాను చిన్న చిన్న గుంతల్లో పెంచుతారు. ఒక్కో గుంతలో మందు మోతాదు రెట్టింపవుతూ పోతుంది: మిల్లీలీటరుకు 0.25 మైక్రోగ్రాములు, 0.5, 1, 2, 4 అలాగ. బాక్టీరియా పెరగడం ఆగిపోయిన మొదటి గుంతలోని మోతాదే ఎంఐసీ. ఆ మోతాదు మన ఒంట్లో, రోగం ఉన్న చోట దొరుకుతుందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబుగా ప్రతి మందుకూ విడిగా ఒక గీత గీసి పెట్టారు. మన దేశంలో చాలా ల్యాబ్‌లు అమెరికాకు చెందిన సీఎల్ఎస్ఐ సంస్థ ఏటా సవరించే పట్టికలను అనుసరిస్తాయి. ఈ. కోలై లాంటి బాక్టీరియా విషయంలో నైట్రోఫ్యురాంటోయిన్‌కు 32 వరకూ ‘ఎస్’, అంటే మందుకు లొంగుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు 0.25 వరకే ‘ఎస్’, 1కి చేరితే ‘ఆర్’, అంటే లొంగదు. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రంలో చిక్కగా పేరుకుంటుంది కాబట్టి అక్కడ 32 పెద్ద లెక్క కాదు. ఎవరి గీత వారిదే. ఒక మందు అంకెను పక్క మందు అంకెతో పోల్చడానికి వీల్లేదు.

గీత జరుగుతుంది కూడా. 2019కి ముందు సీఎల్ఎస్ఐ లెక్కలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు 1 వరకూ ‘ఎస్’ అనే రాసేవారు. బాక్టీరియా అదే, అంకె అదే, తీర్పు తలకిందులైంది. పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచే మెషిన్ ఉన్న చోట ఈనాటికీ పాత తీర్పు అచ్చయ్యే ప్రమాదం ఉంది.

ఇన్ని చిక్కులున్న కాగితాన్ని పొద్దున్నే రౌండ్స్‌లో, ఒక్కో మంచం దగ్గర రెండు మూడు నిమిషాలు నిలబడే డాక్టరు చదవాలి. అందుకే కొన్ని ఆసుపత్రుల్లో కల్చర్ రిపోర్టును కుదించి, కేస్ షీట్ ముందు పేజీలో పట్టేంత చిన్న పట్టికగా రాసి పెడతారు. కుదించడమంటే అక్షరాలు చిన్నవి చేయడం కాదు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో, దేని పక్కన దేన్ని పెట్టాలో తేల్చుకోవడం. అసలు రిపోర్టు చాలా వరకూ మెషిన్ చేతిలో తయారవుతుంది. పట్టిక మాత్రం మనిషి ఆలోచించి చేయాల్సిందే.

ఒక కేసు ఊహించుకుందాం. మహిళల మెడికల్ వార్డులో 62 ఏళ్ల ఆవిడ. షుగరు ఉంది. మూడు రోజులుగా చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి. క్రియాటినిన్ 1.9. మూత్రంలో ఈ. కోలై పెరిగింది, మిల్లీలీటరుకు లక్షకు పైనే. రక్తం కల్చర్ ఫలితం ఇంకా రాలేదు. మూత్రం రిపోర్టు రెండు పేజీలు, పద్నాలుగు మందులు, ఇంగ్లీషు అక్షరక్రమంలో. రెండో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం: ఈ బాక్టీరియా ఈఎస్‌బీఎల్ ఎంజైమును తయారు చేస్తోంది. సెఫలోస్పోరిన్ జాతి మందులను విరగ్గొట్టే ఎంజైము అది. రిపోర్టు మొత్తంలో అన్నిటికంటే విలువైన వాక్యం అదే. కుదించేటప్పుడు మొట్టమొదట జారిపోయేదీ అదే.

కాబట్టి పట్టిక నెత్తిన ముందు మూడు సంగతులు ఉండాలి. ఏ శాంపిల్, ఏ రోజు ఏ గంటకు తీశారు. ఏ బాక్టీరియా, ఎంత పెరిగింది. ల్యాబ్ డాక్టరు రాసిన వ్యాఖ్య, కత్తిరించకుండా. శాంపిల్ తీసిన సమయం ఎందుకంటే, యాంటీబయాటిక్ మొదలుపెట్టాక తీసిన మూత్రంలో ఏమీ పెరగకపోయినా రోగం లేనట్టు కాదు. వార్డులో చాలా పట్టికల మీద రిపోర్టు వచ్చిన తేదీ ఉంటుంది కానీ శాంపిల్ తీసిన తేదీ ఉండదు. రెండిటికీ మధ్య కనీసం రెండు రోజులు గడిచి ఉంటాయి.

ఆ కింద మందులు. వాటిని అక్షరక్రమంలో రాసినా, ఎంఐసీ వరుసలో రాసినా డాక్టరుకు ఒరిగేదేమీ లేదు. మందు ఒంట్లో ఎక్కడిదాకా చేరుతుందో, ఆ వరుసలో పెట్టాలి. ఆవిడకు డొక్కలో నొప్పి, చలిజ్వరం ఉన్నాయంటే ఇన్‌ఫెక్షన్ మూత్రాశయం దాటి కిడ్నీకి ఎక్కిందన్న మాట. అప్పుడు పట్టిక ఇలా వస్తుంది.

| మందు | ఫలితం | గమనిక |
|---|---|---|
| ఎర్టాపెనెం, మెరోపెనెం | ఎస్ | రక్తంలో, కిడ్నీలో పనిచేస్తాయి |
| అమికాసిన్ | ఎస్ | క్రియాటినిన్ 1.9, కిడ్నీకి జాగ్రత్త |
| పిపెరాసిలిన్-టాజోబాక్టం | ఎస్ | ఈఎస్‌బీఎల్ ఉంది, ల్యాబ్ డాక్టరుతో మాట్లాడాకే |
| నైట్రోఫ్యురాంటోయిన్, నోటి ద్వారా ఇచ్చే ఫాస్ఫోమైసిన్ | ఎస్ | మూత్రాశయం వరకే |
| ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్-క్లావులనేట్, సెఫ్ట్రియాక్సోన్, సెఫిపైమ్, జెంటామైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, కోట్రైమాక్సజోల్ | ఆర్ | వాడరాదు |

నాలుగో వరస చూడండి. నైట్రోఫ్యురాంటోయిన్‌కు ‘ఎస్’ ఉంది, మాత్రలు చవక, ఇంజెక్షన్ బాధ లేదు. ఉత్త ‘ఎస్’ల జాబితా అయితే ఎవరికైనా చెయ్యి దాని మీదికే పోతుంది. కానీ ఆ మందు మూత్రంలోకి వడిసిపోతుందే తప్ప కిడ్నీ కండలో, రక్తంలో చాలినంత నిలవదు. ఆవిడ కిడ్నీ పనితీరు తగ్గి ఉంది కాబట్టి మూత్రంలోకి చేరేది కూడా తగ్గుతుంది. మూత్రాశయంలో మంటతో వచ్చిన పాతికేళ్ల అమ్మాయికి ఇదే రిపోర్టు వచ్చి ఉంటే ఈ వరస పట్టికలో పైకెక్కేది. అందుకే ఒకరి పట్టిక ఇంకొకరికి పనికిరాదు, బాక్టీరియా ఒకటే అయినా.

మూడో వరస మీద వార్డుల్లో వాదనలు జరుగుతుంటాయి. ల్యాబ్ ‘ఎస్’ అన్నాక మందు పక్కన హెచ్చరిక ఎందుకని అడుగుతారు. 2018లో వచ్చిన మెరినో అధ్యయనం దీనికి జవాబు. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ. కోలై, క్లెబ్సియెల్లా రక్తంలోకి ఎక్కిన రోగులను రెండు జట్లుగా చేసి చూశారు. ఆ బాక్టీరియాలన్నీ ల్యాబ్‌లో పిపెరాసిలిన్-టాజోబాక్టంకు లొంగినవే. అయినా ఆ మందు వాడిన జట్టులో 30 రోజుల్లో చనిపోయినవారు 12 శాతం దాటారు. మెరోపెనెం జట్టులో 4 శాతం లోపే. గుంతలో కొద్దిపాటి బాక్టీరియా మీద గెలిచిన మందు ఒంట్లో గుంపు మీద గెలవకపోవచ్చు. ఆవిడ రక్తం కల్చర్ ఫలితం రానిదాకా ఈ వరసను ఉత్త ‘ఎస్’గా వదిలేయకూడదు.

లెక్క చూసుకున్నారా? పట్టికలో పదమూడు మందులే ఉన్నాయి. పద్నాలుగోది కొలిస్టిన్. చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన మందు అది, పైగా కిడ్నీలను దెబ్బతీస్తుంది. సీఎల్ఎస్ఐ 2020 నుంచి దానికి ‘ఎస్’ అన్న తీర్పునే తీసేసింది. 2 వరకూ ‘ఐ’, ఆ పైన ‘ఆర్’. మెరోపెనెంకు లొంగే బాక్టీరియా ఉన్నప్పుడు కొలిస్టిన్ ఫలితాన్ని వార్డుకు పంపనక్కర్లేదు. ఫలితం ల్యాబ్ రికార్డులో ఉంటుంది, అడిగితే చెబుతారు. ఇది దాపరికం కాదు. కనపడిన మందును రాసేయడం మనుషుల అలవాటు కాబట్టి అవసరం లేనిదాన్ని కనపడనివ్వరు. అయితే ఇలా ఆపే నిర్ణయం మైక్రోబయాలజీ డాక్టరుది. వార్డులో రాత్రి డ్యూటీలో పట్టిక ఎక్కించే పీజీ సొంతంగా మందులు ఎగరగొట్టడం మొదలుపెడితే ప్రమాదం.

ఇక ఎక్కించడంలో జరిగే తప్పులు. చేత్తో రాసేటప్పుడు ఒక వరస జారితే అక్కడి నుంచి కింద ఉన్న తీర్పులన్నీ పక్క మందుకు అంటుకుంటాయి. దీనికి మందు ఒకటే. ఒకరు అసలు రిపోర్టు పైకి చదవాలి, ఇంకొకరు పట్టికలో వేలు పెట్టి చూడాలి. కంప్యూటరులో కాపీ చేస్తే తప్పులు ఇంకో రకంగా వస్తాయి. ఎక్సెల్‌లో 8/4 అతికిస్తే అది ఏప్రిల్ 8 అయి కూర్చుంటుంది. రెండు మందులు కలిసిన పిపెరాసిలిన్-టాజోబాక్టంకు ఎంఐసీని అలా గీతతోనే రాస్తారు మరి. అతికించే ముందే ఆ గడులను టెక్స్ట్‌గా మార్చి పెట్టుకోవాలి. పీడీఎఫ్ నుంచి తీసుకున్నప్పుడు అంకె ముందున్న ‘అంతకంటే ఎక్కువ’ గుర్తు ఊడిపోయి ఉత్త అంకె మిగలడమూ మామూలే. వార్డు పట్టికలో అంకెలు లేకుండా తీర్పులు మాత్రమే ఉంచమని చెప్పడానికి ఇదొక కారణం. అంకె కావాల్సిన డాక్టరు అసలు రిపోర్టు తిరగేస్తారు.

ఖాళీ గడి అన్నిటికంటే మోసకారి. చూసేవారికి అది ‘ఆర్’ అనిపించవచ్చు, మరిచిపోయినట్టూ అనిపించవచ్చు. పరీక్ష చేయలేదంటే ‘చేయలేదు’ అనే రాయాలి. ఎస్‌కు ఆకుపచ్చ, ఆర్‌కు ఎరుపు వేసి ముచ్చటపడేవాళ్లు వార్డు ప్రింటరును ఒకసారి చూడాలి. నలుపు తెలుపు ప్రింటులో రెండూ ఒకటే బూడిదరంగు. రంగు వేసినా అక్షరం ఉండాల్సిందే.

రిపోర్టు ఒకేసారి రాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. మొదట గ్రామ్ నెగెటివ్ బాక్టీరియా పెరుగుతోందని తొలి కబురు వస్తుంది, తర్వాత పేరు, ఆ తర్వాత మందుల తీర్పు. తొలి కబురుతో చేసిన పట్టిక మీద ‘తొలి రిపోర్టు’ అని ఉండాలి. తుది రిపోర్టు రాగానే పాతదాన్ని కేస్ షీట్ నుంచి తీసేయాలి. రెండూ ఉంటే పైన ఏది కనపడితే దాన్నే చదువుతారు. ఆవిడ రక్తం కల్చర్‌లో కూడా అదే ఈ. కోలై తేలితే దానికి వేరే పట్టిక వేయాలి. రక్తం పట్టికలో నైట్రోఫ్యురాంటోయిన్ వరస అసలే ఉండదు.

ఇంటికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితంలో ‘యూరిన్ కల్చర్ పాజిటివ్, యాంటీబయాటిక్స్ ఇచ్చాం’ అని రాసి వదిలేస్తే ఈ శ్రమంతా వార్డులోనే ఆగిపోతుంది. పట్టికలోని ఐదు వరసలు కాకపోయినా దాని నెత్తినున్న వాక్యం ఒక్కటి అందులో ఉండాలి: ఈ. కోలై, ఈఎస్‌బీఎల్, శాంపిల్ తీసిన తేదీ. ఆర్నెల్ల తర్వాత ఆవిడ ఇంకో ఊళ్లో ఇంకో ఆసుపత్రికి జ్వరంతో వెళితే, కల్చర్ తేలేదాకా రెండు రోజులు ఏ మందు మీద ఉంచాలో అక్కడి డాక్టరు ఆ వాక్యం చూసి నిర్ణయిస్తారు. అది లేకపోతే మొదటి ఇంజెక్షన్ సెఫ్ట్రియాక్సోనే పడే అవకాశం ఎక్కువ.