నేల తడిసింది, వాన పడిందా?

‘వాన పడితే నేల తడుస్తుంది. నేల తడిసింది. కాబట్టి వాన పడింది.’ ఈ వాదన సరైనదేనా? సత్యపట్టిక వేసి తేల్చుకోవచ్చు.

‘వాన పడింది’ని p అని, ‘నేల తడిసింది’ని q అని రాద్దాం. అప్పుడు వాదన మొత్తం ((p→q)∧q)→p అవుతుంది. రెండు అక్షరాలు కాబట్టి నాలుగు వరుసలు కావాలి. లోపలి బ్రాకెట్‌ నుంచి బయటికి, ఒక్కో దశకు ఒక్కో నిలువు గడి నింపాలి. T అంటే నిజం, F అంటే అబద్ధం.

```
p  q  p→q  (p→q)∧q  మొత్తం
T  T   T      T       T
T  F   F      F       T
F  T   T      T       F
F  F   T      F       T
```

చాలామంది తడబడేది p→q దగ్గరే. p నిజమై q అబద్ధమైనప్పుడు మాత్రమే అది అబద్ధం. p అబద్ధమైతే, q ఏదైనా సరే, అది నిజమే.

చివరి గడిలో మూడో వరుస అబద్ధమైంది. వాన పడలేదు, అయినా నేల తడిసింది. ఎవరో నీళ్లు చల్లి ఉండొచ్చు. నిజం, అబద్ధం రెండూ వచ్చాయి కాబట్టి ఇది కంటింజెన్సీ. వాదన నిలవదు.

అదే ‘వాన పడింది, కాబట్టి నేల తడిసింది’ అంటే ((p→q)∧p)→q. దీనికి పట్టిక వేస్తే నాలుగూ నిజాలే. అది టాటాలజీ. ‘వాన పడితే నేల తడుస్తుంది, వాన పడింది, కానీ నేల తడవలేదు’ అంటే నాలుగూ అబద్ధాలే. అది కాంట్రడిక్షన్.

అక్షరం ఒకటి పెరిగితే వరుసలు రెట్టింపవుతాయి. పది అక్షరాలకు 1,024 వరుసలు. అయితే టాటాలజీ కాదని తేల్చడానికి ఒక్క F దొరికితే చాలు.