కెమెరాకు బిగిసిపోయిన లెన్స్‌: బలం చూపేముందు లాక్ పిన్ సంగతి చూడాలి

లెన్స్‌ మార్చుకునే వీలున్న కెమెరాల్లో అప్పుడప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. విడుదల బటన్ నొక్కినా లెన్స్‌ కదలదు. చాలా సందర్భాల్లో దీనికి కారణం ఒక చిన్న లోహపు పిన్ తన గాడి నుంచి వెనక్కి జరగలేకపోవడమే. అసలు నష్టం ఆ తర్వాత చేతులు చూపే బలం వల్ల జరుగుతుంది.

కెమెరా ముందుభాగంలో ఉండే లోహపు వలయాన్ని మౌంట్ అంటారు. లెన్స్‌ వెనుక ఉన్న రెక్కలు ఈ వలయంలోకి దిగి, కొంత మేర తిరిగి బిగుసుకుంటాయి. తిరగడం పూర్తికాగానే మౌంట్‌లోని స్ప్రింగ్ పిన్ ముందుకు వచ్చి, లెన్స్‌ వెనుక పళ్లెంలోని గాడిలో పడుతుంది. అప్పుడు వినిపించే 'టక్' శబ్దం దానిదే. విడుదల బటన్ చేసే పని ఈ పిన్‌ను వెనక్కి లాగడం మాత్రమే.

ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. బటన్ పూర్తిగా నొక్కకముందే లెన్స్‌ను తిప్పితే గాడి అంచు పిన్‌ను పక్కకు ఒత్తుతుంది. ఆ ఒత్తిడిలో పిన్ ఇరుక్కుంటుంది. ఇంకా గట్టిగా తిప్పితే మరింత బిగుసుకుంటుంది. అందువల్ల మొదట చేయాల్సింది వ్యతిరేక దిశలో కదపడం. కెమెరా ఆపి, బ్యాటరీ తీసి, మడతపెట్టిన వస్త్రంపై లెన్స్‌ పైకి ఉండేలా ఉంచాలి. జూమ్, ఫోకస్ వలయాలను వదిలి, మౌంట్‌కు దగ్గరగా కదలని భాగాన్ని పట్టుకోవాలి. లెన్స్‌ను బిగించే దిశలో వెంట్రుకవాసి తిప్పి పట్టి, బటన్‌ను చివరిదాకా నొక్కాలి. నొక్కిన వేలు తీయకుండానే విప్పే దిశలో తిప్పాలి. పట్టు జారుతుంటే రబ్బరు తొడుగు వాడవచ్చు.

దిశ విషయంలోనూ తికమక ఉంటుంది. ఎదురుగా నిలబడి చూస్తే, 1959లో వచ్చిన నికాన్ ఎఫ్ మౌంట్ లెన్స్‌ను సవ్యదిశలో తిప్పి విప్పాలి. 1987లో వచ్చిన కెనాన్ ఈఎఫ్ మౌంట్‌లో అపసవ్యదిశలో తిప్పాలి. నికాన్‌కు అలవాటుపడిన వ్యక్తి స్నేహితుడి కెనాన్ అందుకున్నాడనుకుందాం. బటన్ నొక్కి, చేతి అలవాటు కొద్దీ సవ్యదిశలో తిప్పుతాడు. అక్కడ లెన్స్‌ అప్పటికే చివరి హద్దుకు ఆని ఉంది కనుక కదలదు. లెన్స్‌ ఇరుక్కుపోయిందని భావించి బలం పెంచుతాడు. వాస్తవానికి అక్కడ చెడింది ఏమీ లేదు.

దిశ సరైనదే అయినా కదలకపోతే బటన్ స్పర్శను గమనించాలి. బటన్ అసలు లోపలికి పోకపోతే ఇసుక చేరడమో, పిన్ వంగడమో జరిగి ఉండవచ్చు. ఏ ప్రతిఘటనా లేకుండా వదులుగా దిగిపోతే పిన్‌కు, బటన్‌కు మధ్య లంకె విడిపోయిందని అనుమానించాలి. బటన్ మామూలుగా పనిచేస్తూ, లెన్స్‌ కొద్దిగా తిరిగి ఆగిపోతే అడ్డు వేరేచోట ఉంది. లెన్స్‌ వెనుక పళ్లెంలోని స్క్రూ వదులై పైకి లేచి తగులుతుండవచ్చు.

లెన్స్‌ గొట్టం తిరుగుతూ వెనుక పళ్లెం కదలకపోతే వెంటనే ఆపేయాలి. లోపలి సన్నని పట్టీ తీగలు మెలిపడి తెగే ప్రమాదముంది. మౌంట్ సందులో స్క్రూడ్రైవర్ దూర్చినా, నూనె చల్లినా నష్టమే. నూనె షట్టర్ మీదికి, సెన్సర్ మీదికి పాకుతుంది. ఇలాంటప్పుడు కెమెరా విప్పి, పిన్‌ను లోపలి నుంచి వెనక్కి జరపడం మరమ్మతుదారుడి పని. అంతర్గత ఫ్లాష్ ఉన్న కెమెరాను ఇంట్లో విప్పకపోవడానికి మరో కారణమూ ఉంది. బ్యాటరీ తీసినా ఫ్లాష్ కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల విద్యుత్తు మిగిలి ఉండవచ్చు.

లెన్స్‌ ఊడివచ్చాక పని ముగిసిందనుకోరాదు. ధూళి లోపల పడకుండా కెమెరా ముఖాన్ని కిందికి వంచి పిన్‌ను పరిశీలించాలి. బటన్ నొక్కితే పిన్ తల మౌంట్ ఉపరితలం లోపలికి పోవాలి. వదలగానే చురుగ్గా, పూర్తిగా బయటకు రావాలి. తర్వాత బటన్ ముట్టకుండా, పుల్లతో పిన్‌ను మెల్లగా నొక్కి వదిలినా అదేవిధంగా తిరిగి రావాలి. లెన్స్‌ పళ్లెంపై పిన్ గీసిన గీతలు సహజమే. గాడి అంచు పగిలినా, లోహం ముళ్లలా లేచినా లెన్స్‌ను తిరిగి బిగించరాదు.

బద్ధకంగా బయటకు వచ్చే పిన్, బిగిసిన పిన్ కన్నా ప్రమాదకరం. లెన్స్‌ అమర్చినట్టే కనిపిస్తుంది కానీ లాక్ పడదు. భుజాన వేలాడుతున్నప్పుడు బరువైన జూమ్ తనంతట తాను తిరిగి జారిపోవచ్చు. అందుకే మరమ్మతు తర్వాత మొదట తేలికైన లెన్స్‌ అమర్చి, 'టక్' శబ్దం విన్నాక, బటన్ నొక్కకుండా విప్పే దిశలో మెల్లగా తిప్పి చూడాలి. లెన్స్‌ స్వల్పంగా కదలడం మామూలే. తిరగడం మొదలుపెడితే మాత్రం పిన్ గాడిలో పడనట్టే.