144 హెర్ట్జ్ తెరకు 138 ఫ్రేములే ఎందుకు?

షూటింగ్ గేమ్‌లో మౌస్‌ను విసురుగా పక్కకు తిప్పితే, ఎదురుగా ఉన్న స్తంభం మధ్యకు తెగినట్టు కనిపిస్తుంది. పై సగం ఒకచోట, కింది సగం కాస్త పక్కకు జరిగి ఇంకోచోట. గేమర్లు దీన్ని టేరింగ్ అంటారు. మానిటర్ బొమ్మను పైనుంచి కిందికి వరసగా గీస్తుంది. అది సగంలో ఉండగానే గ్రాఫిక్స్ కార్డు కొత్త ఫ్రేమ్ అందించిందంటే పైన పాత బొమ్మ, కింద కొత్త బొమ్మ పడతాయి. మనకు కనిపించేది ఆ రెంటి మధ్య అతుకు.

దీనికి పాత విరుగుడు వీ-సింక్. తెర మొత్తం గీసేదాకా అది కొత్త ఫ్రేమ్‌ను ఆపుతుంది. టేరింగ్ పోతుంది గానీ, కార్డు మానిటర్ కంటే వేగంగా పనిచేస్తుంటే తయారైన ఫ్రేములు వరసలో నిలబడిపోతాయి. మీ క్లిక్ తెరమీదికి రావాలంటే ముందున్నవన్నీ కదలాలి. 60 హెర్ట్జ్ తెరపై ఒక్కో ఫ్రేమ్‌కు 16.7 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి, రెండు మూడు ఫ్రేములు ఆగినా చేతికి బరువు తెలుస్తుంది. అదే ల్యాగ్.

2013లో ఎన్‌విడియా జీ-సింక్‌ను ప్రకటించాక పద్ధతి తిరగబడింది. కార్డు మానిటర్ కోసం ఆగడం కాదు, మానిటరే కార్డు కోసం ఆగుతుంది. ఫ్రేమ్ వచ్చినప్పుడే గీస్తుంది. ఏఎమ్‌డీ ఫ్రీసింక్‌దీ ఇదే దారి. వీటన్నిటినీ కలిపి వీఆర్ఆర్ అంటారు. ఇది ఆన్ చేశాక వీ-సింక్‌తో పనేముందని చాలామంది దాన్ని తీసేస్తారు. అసలు చిక్కు అక్కడే వస్తుంది.

144 హెర్ట్జ్ మానిటర్‌నే తీసుకుందాం. ఒక బొమ్మ గీయడానికి దానికి కనీసం 6.94 మిల్లీసెకన్లు కావాలి. అంతకంటే త్వరగా గీయడం దాని వల్ల కాదు. మీ గేమ్ సాదా సన్నివేశాల్లో సెకనుకు 200 ఫ్రేములు ఇస్తోందనుకోండి, అంటే 5 మిల్లీసెకన్లకు ఒకటి. అప్పుడు మానిటర్ ఇక ఆగి అందుకోలేదు, వీఆర్ఆర్ ఉన్నా లేనట్టే. వీ-సింక్ ఆఫ్‌లో ఉంటే టేరింగ్ తిరిగొస్తుంది. ఆన్‌లో ఉంటే పాత వరస, పాత ల్యాగ్ తిరిగొస్తాయి.

అందుకే ఫ్రేములకు గరిష్ఠ పరిమితి, అంటే క్యాప్, పెట్టాలి. 138 దగ్గర ఆపితే ఫ్రేమ్‌కు సగటున 7.25 మిల్లీసెకన్లు. మానిటర్ హద్దు కంటే 0.3 మిల్లీసెకను వెసులుబాటు దొరుకుతుంది, వరస ఏర్పడదు. 138 ఊరికే వచ్చిన సంఖ్య కాదు. మానిటర్ హెర్ట్జ్ వర్గాన్ని 3600తో భాగించి, వచ్చినదాన్ని హెర్ట్జ్ నుంచి తీసేస్తే 138.24. ఎన్‌విడియా రిఫ్లెక్స్ ఉన్న గేముల్లో, జీ-సింక్, వీ-సింక్ రెండూ ఆన్‌లో ఉంటే, ఈ పరిమితి దానంతట అదే పడుతుంది. 240 హెర్ట్జ్ తెరకు ఇదే లెక్క 224 చెబుతుంది.

క్యాప్ ఉండగా వీ-సింక్ ఎందుకంటారా? 7.25 అనేది సగటు మాత్రమే. ఏ ఫ్రేమ్‌కూ పట్టే సమయం గడియారంలా సమంగా ఉండదు. ఒకటి 8లో వస్తే తర్వాతిది 6.5లో వచ్చేయవచ్చు. ఆ తొందరపడ్డ ఫ్రేమ్ వచ్చేసరికి తెర అడుగు గీయడం ఇంకా మిగిలే ఉంటుంది. వీఆర్ఆర్ ఆన్‌లో ఉన్నా తెర అడుగున అప్పుడప్పుడు సన్నని తెగు కనిపిస్తే కారణం ఇదే. వీ-సింక్ ఆ ఒక్క ఫ్రేమ్‌ను మిల్లీసెకనులో సగం లోపే ఆపి వదిలేస్తుంది. క్యాప్ ఉంది కనుక వెనక వరస కట్టడానికి ఫ్రేములుండవు.

చేయాల్సిందేమిటంటే, ముందు మానిటర్ సొంత మెనూలో అడాప్టివ్-సింక్ లేదా ఫ్రీసింక్ ఆన్ చేయాలి. NVIDIA Control Panel లో Set up G-SYNC కు వెళ్లి అక్కడా ఆన్ చేయాలి. తర్వాత Manage 3D settings లో Vertical sync ను On చేసి, గేమ్ లోపలి వీ-సింక్‌ను మాత్రం ఆఫ్‌లో ఉంచాలి. కొన్ని గేములు తమ వీ-సింక్‌తో అదనపు బఫర్‌ను కలుపుతాయి. క్యాప్ మాత్రం గేమ్‌లోనే దొరికితే అదే మేలు, ఎందుకంటే అది మౌస్ కదలికను చదవడానికి ముందే ఆగుతుంది, చదివాక కాదు. గేమ్‌లో లేకపోతే డ్రైవర్‌లోని Max Frame Rate వాడుకోవచ్చు.

కింది హద్దు సంగతీ చూసుకోవాలి. చాలా మానిటర్లకు వీఆర్ఆర్ 48 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. గేమ్ 40 ఫ్రేములకు పడితే ఒక్కో ఫ్రేమ్‌ను రెండుసార్లు చూపి 80 హెర్ట్జ్‌లో నడుపుతారు. 48 నుంచి 75 వరకే పనిచేసే చవక మానిటర్‌లో దానికి చోటు లేదు, అక్కడ 40 ఫ్రేముల్లో కుదుపులు తప్పవు. అలాంటప్పుడు గ్రాఫిక్స్ నాణ్యత తగ్గించి ఫ్రేములను 48 పైన నిలపడమే దారి.

అమరిక కుదిరిందో లేదో మానిటరే చెబుతుంది. చాలావాటిలో ప్రస్తుత హెర్ట్జ్‌ను తెర మూలన చూపే ఐచ్ఛికం ఉంటుంది. ఆడుతుండగా ఆ అంకె 138 దాటకుండా, బరువైన సన్నివేశాల్లో 90కో 110కో దిగుతూ ఉంటే అన్నీ సరిగా ఉన్నట్టు. కదలకుండా 144 దగ్గరే ఆగిపోయిందంటే వీఆర్ఆర్ గానీ క్యాప్ గానీ పడలేదు, మళ్లీ మెనూలు చూసుకోవాలి.