‘దగ్గితే గుండెపోటు ఆగుతుంది’: పెదనాన్న ఫార్వర్డ్‌కు జవాబు

ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే గట్టిగా ఊపిరి పీల్చి, ఆగకుండా దగ్గుతూ ఉండాలనే మెసేజ్‌ 1999 నుంచీ తిరుగుతోంది. అప్పట్లో ఈమెయిళ్లలో వచ్చేది, ఇప్పుడు వాట్సాప్‌లో. మొన్న మా ఫ్యామిలీ గ్రూప్‌లో పెదనాన్న పెట్టారు. పైన రెండు బాణాలు, ‘Forwarded many times’ అన్న ముద్ర. క్షణాల్లో ఓ కుర్రాడు ‘ఫేక్‌ పెదనాన్నా’ అని నవ్వే బొమ్మ పెట్టాడు. ఆయన మారు మాట్లాడలేదు. మర్నాడు ఇంకో నలుగురికి పంపారని తర్వాత తెలిసింది.

ఈ మెసేజ్‌లో చిక్కేమిటంటే, ఇది పూర్తిగా కల్పితం కాదు. ఆసుపత్రి క్యాథ్‌ల్యాబ్‌లో రోగిని ఈసీజీ మీద పెట్టి చూస్తుండగా గుండె లయ ఒక్కసారిగా తప్పితే, స్పృహ పోకముందే డాక్టర్లు గట్టిగా దగ్గమని చెప్పడం ఉంది. దగ్గినప్పుడు ఛాతీలో పెరిగే ఒత్తిడి కొన్ని క్షణాలపాటు మెదడుకు రక్తాన్ని తోస్తుంది. ఈలోగా షాక్‌ ఇచ్చే యంత్రం సిద్ధమవుతుంది. ఇంట్లో ఆ యంత్రమూ లేదు, లయ తప్పిందని చెప్పేవారూ లేరు. పైగా గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటులో రక్తనాళం పూడుకుపోతుంది, గుండె సాధారణంగా కొట్టుకుంటూనే ఉంటుంది. దగ్గితే ఆ పూడిక పోదు. గుండె ఆగిపోతే మనిషి క్షణాల్లో స్పృహ తప్పుతాడు, ఇక దగ్గేదెక్కడ? దగ్గుతూ కూర్చుంటే పోయేది 108కి ఫోన్‌ చేయాల్సిన సమయం.

ఇదంతా గ్రూప్‌లో రాస్తే పదిమందిలో పెద్దాయన్ని తప్పుపట్టినట్టే. అందుకే సాయంత్రం విడిగా ఫోన్‌ చేశాను.

‘‘పెదనాన్నా, ఆ దగ్గు మెసేజ్‌ చూశాను. రాత్రిళ్లు ఏమన్నా ఇబ్బందిగా ఉంటోందా?’’

కాసేపు ఆగి అన్నారు: ‘‘లేదురా. మీ పెద్దమ్మ పోయాక ఒక్కణ్నేగా. ఏదన్నా అయితే తలుపు తీసేదెవరని.’’

అసలు విషయం అదీ. మెసేజ్‌ నిజమా కాదా అన్నది ఆయన ప్రశ్నే కాదు. ‘‘దగ్గడం డాక్టర్ల ఎదుట పనికొచ్చేదట, ఇంట్లో కాదట’’ అని రెండు ముక్కల్లో చెప్పి, మిగతా సేపంతా తలుపు గురించే మాట్లాడుకున్నాం. ఛాతీలో బిగుతు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమట పడితే ముందు 108. తర్వాత, నడిచే ఓపిక ఉంటే తలుపు గడియ తీసి కూర్చోవడం. బండి మీద తానే ఆసుపత్రికి బయల్దేరకూడదు. పక్కింటివాళ్ల నంబరు ఫోన్‌లో మొదటి పేరుగా పెట్టాం, వాళ్లకో తాళంచెవి ఇచ్చాం. మాత్రల సంగతి మాత్రం నేను చెప్పలేదు. ఆస్పిరిన్‌ అందరికీ పడదు, అది ఆయన డాక్టర్‌నే అడగమన్నాను.

దిద్దుబాటు నేను పెట్టలేదు. రెండ్రోజులకు ఆయనే గ్రూప్‌లో రాశారు: ‘దగ్గు మాట వదిలేయండి. ముందు 108, తర్వాత తలుపు గడియ.’ దాన్నీ ఎవరో ఫార్వర్డ్‌ చేశారు.